బ్యాంకాక్‌లో మూడు ఫోన్లు, మూడు సిమ్‌లు, రాని ఒక్క ఓటీపీ

బ్యాంకాక్, అయుత్తయ కలిపి ఎనిమిది రోజులు తిరిగొచ్చాం. గుళ్లు బాగున్నాయి, తిండి బాగుంది, ఎండ మనకి అలవాటైనదే. నేను రాయాలనుకున్నది మాత్రం సిమ్‌ల గురించి. ఎందుకంటే ఆ విషయంలో అందరికంటే తెలివైనవాణ్ణనుకున్న నేనే బోల్తా పడ్డాను.

మామయ్యగారు ఇంటి దగ్గరే తన సిమ్‌కి 2,998 రూపాయల రోమింగ్ ప్యాక్ వేయించుకున్నారు. పది రోజులకి 5 జీబీ, వంద నిమిషాల కాల్స్. మా ఆవిడ 810 రూపాయలకి 10 జీబీ ఈసిమ్ కొంది, అంటే కార్డు లేకుండా క్యూఆర్ స్కాన్ చేసి ఫోన్‌లోకి ఎక్కించుకునే సిమ్. నా ఫోన్‌లో ఈసిమ్ లేదు, సిమ్ పెట్టే చోటూ ఒక్కటే. అందుకని సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో దిగగానే కౌంటర్ దగ్గర 449 బాట్‌లకి ఎనిమిది రోజుల సిమ్ తీసుకున్నా. నేను మార్చుకున్న రేటు ప్రకారం సుమారు 1,212 రూపాయలు. పాస్‌పోర్టు స్కాన్ చేసి, ఫొటో తీసి, ఆ అమ్మాయి రెండే నిమిషాల్లో పని ముగించింది. నా హైదరాబాద్ సిమ్‌ని తీసి ఒక అట్టముక్కకి టేపుతో అంటించి ఇచ్చింది. దాన్ని పర్సులో పెట్టేసి మర్చిపోయా.

రెండో రోజు సాయంత్రం అయుత్తయలో గది బుక్ చేయబోయాను. డెబిట్ కార్డు నంబరు కొట్టాక ఓటీపీ అడిగింది. అది వచ్చే నంబరేమో నా పర్సులో అట్టకి అంటుకుని ఉంది. రోడ్డు పక్కన జ్యూస్ బండి దగ్గర నిలబడి, మా ఆవిడ చెవిపోగు మొనతో సిమ్ ట్రే తీసి, పాత సిమ్ పెట్టా. ‘నో సర్వీస్’. బయల్దేరే ముందు ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోలేదు మరి. సిమ్ కంపెనీ యాప్‌లో చేద్దామంటే లాగిన్‌కి ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ ఈ నంబరుకే రావాలి! అప్పుడు మామయ్యగారు మెల్లగా అన్నారు: “మీ సిమ్ము పనిచెయ్యట్లేదా అల్లుడుగారూ?” గది ఆయన కార్డు మీదే బుక్ అయింది. ఆ మాట నాలుగు రోజులు వినాల్సొచ్చింది.

ప్యాక్ వేయకపోయినా, రోమింగ్ సర్వీస్ ఒక్కటి ఆన్ చేసి ఉంటే మెసేజ్‌లు వస్తాయి. నా సిమ్ కంపెనీలో వచ్చే ఎస్ఎంఎస్‌కి డబ్బులు పడవు, వచ్చిన కాల్ ఎత్తితేనే పడతాయి. ఇది హైదరాబాద్‌లో ఉండగానే చేసుకోవాల్సిన పని.

మా ఆవిడ ఫోన్‌లో ఆ తంటా లేదు. పాత సిమ్ దాని చోటే ఉంది, ఓటీపీలు దానికి వచ్చాయి, నెట్ ఈసిమ్ మీద నడిచింది. మొదటి అరగంట మాత్రం సిగ్నల్ గీతలు కనిపించినా నెట్ రాలేదు, “మోసపోయాం” అని ముఖం మాడ్చుకుంది. మోసమేం లేదు. ఈసిమ్ లైన్‌కి ‘డేటా రోమింగ్’ ఆన్ చేయాలి. పాత సిమ్‌కి అదే ఆఫ్‌లో ఉండాలి. ఐఫోన్‌లో Allow Cellular Data Switching కూడా ఆపేయాలి, లేకపోతే ఈసిమ్ నెట్ నీరసించినప్పుడు ఫోన్ తనంతట తానే ఇంటి సిమ్ వైపు జారుకోవచ్చు. ఈసిమ్ స్కాన్ ఇంటి వైఫై మీదే కానిచ్చుకోండి. చాలావాటి క్యూఆర్ ఒక్కసారికే, డిలీట్ చేస్తే పోయినట్టే. ఫోన్ ఈసిమ్ తీసుకుంటుందో లేదో చూడాలంటే *#06# కొట్టండి, EID అని ఒక పొడుగు నంబరు కనిపిస్తే తీసుకునే అవకాశం ఉన్నట్టే.

ఆవిడ ఈసిమ్‌కి ఫోన్ నంబరు లేదు, ఉత్త డేటా. అయుత్తయ వ్యాన్ డ్రైవర్ నంబరు అడిగితే నా థాయ్ నంబరే ఇచ్చాం. సందులో మేం కనబడక అతను ఫోన్ చేశాడు. నా 449 బాట్‌లు అక్కడ కాస్త గౌరవం దక్కించుకున్నాయి.

మామయ్యగారి ప్యాక్ దిగగానే పనిచేసింది, ఏ సెట్టింగూ ముట్టుకోలేదు. ఆరో రోజు మాత్రం డేటా నిల్! ఆయన గుళ్ల వీడియోలన్నీ ఫోన్ తనే క్లౌడ్‌కి ఎక్కించేసింది. ఆ ఆటో బ్యాకప్ ఆపమని చెప్పనిది నేనేనట.

ఇంకోసారి వెళ్తే నేను ఈసిమ్ ఉన్న ఫోనే పట్టుకెళ్తా. పాత సిమ్ లోపలే, రోమింగ్ ఆన్, దాని డేటా ఆఫ్. సెట్టింగులంటే చిరాకుపడే పెద్దవాళ్లకి, అదీ మూడు నాలుగు రోజులకైతే, రోమింగ్ ప్యాకే నయం, ఖరీదు ఎక్కువైనా సరే. అక్కడి సిమ్ మాత్రం ఫోన్‌లో రెండో చోటు ఖాళీగా ఉన్నవాళ్లే కొనుక్కోండి.

శంషాబాద్‌లో దిగి పాత సిమ్ పెట్టుకున్నా. క్యాబ్‌కి డబ్బులిద్దామని యూపీఐ యాప్ తెరిస్తే, సిమ్ మారిందని మళ్లీ మొదట్నుంచి వెరిఫై చేయమంది. వెనక సీట్లోంచి మామయ్యగారు అప్పటికే ఫోన్ తీసి స్కాన్ చేసేస్తున్నారు.