పదకొండు కాంట్రాక్టుల కన్సల్టెంట్ రెజ్యూమె: ప్రాజెక్టుల జాబితా మేలా, డొమైన్ల సారాంశం మేలా?

హనుమకొండ నుంచి హైదరాబాద్, పుణె క్లయింట్ సైట్లకు తిరిగే ఒక శాప్ ఎంఎం కన్సల్టెంట్‌ను, అంటే శాప్ సాఫ్ట్‌వేర్‌లో కొనుగోళ్లు, స్టాక్ భాగం చూసే మనిషిని, తీసుకుందాం. ఆరేళ్లలో పదకొండు కాంట్రాక్టులు, ఒక్కోటి మూణ్నెల్ల నుంచి పది నెలల దాకా. రెజ్యూమె రాయడానికి మూడు దారులున్నాయి.

మొదటిది, పదకొండింటినీ వరుసగా రాయడం. అప్పుడు రెజ్యూమె నాలుగు పేజీలు దాటుతుంది, "పర్చేజ్ ఆర్డర్ కాన్ఫిగరేషన్" అన్న మాటే ఎనిమిదిసార్లు వస్తుంది. చదివేవారికి తేదీలే ముందు కనబడి, ఎక్కడా నిలవని మనిషి అనిపిస్తుంది.

రెండోది, తేదీలు తీసేసి నైపుణ్యాలే రాయడం. ఇది చూడటానికి శుభ్రంగా ఉన్నా నేను వద్దంటాను. ఏ పని ఎప్పుడు చేశారో తెలియకపోతే ఏదో దాస్తున్నారన్న అనుమానం వస్తుంది.

మూడోది పైన నాలుగు లైన్ల సారాంశం, కింద పొట్టి పట్టిక. నా ఓటు దీనికే. ముందు ఒక కాగితం మీద ప్రతి కాంట్రాక్టుకూ డొమైన్, పాత్ర, నెలలు రాసి కూడండి. మన కన్సల్టెంట్‌కు ఫార్మా 31 నెలలు, రిటైల్ 26, సిమెంట్ 15 వచ్చాయనుకోండి. ఫార్మా ఉద్యోగానికి పంపే సారాంశం ఇట్లా ఉంటుంది:

"శాప్ ఎంఎం కన్సల్టెంట్, ఆరేళ్లు, 11 క్లయింట్ సైట్లు. ఫార్మాలో రెండున్నరేళ్లు: బ్యాచ్ మేనేజ్‌మెంట్, వ్యాలిడేషన్ పత్రాలు. రిటైల్, సిమెంట్‌లలో కొనుగోళ్లు, స్టాక్. సపోర్ట్‌తో మొదలై, చివరి మూడు కాంట్రాక్టుల్లో ఎంఎం లీడ్: బ్లూప్రింట్ నుంచి గో-లైవ్ దాకా."

రిటైల్ ఉద్యోగానికైతే రిటైల్ లైన్ ముందుకొస్తుంది, దాని వివరం పెరుగుతుంది. మిగతాది మారదు.

కింది పట్టికలో ఎక్కువ మంది దెబ్బతినేది యజమాని పేరు దగ్గర. జీతమిచ్చిన పేరోల్ కంపెనీయే యజమాని, దాని కిందే క్లయింట్లు రావాలి. క్లయింట్‌నే యజమానిగా రాస్తే వెరిఫికేషన్‌లో వాళ్ల హెచ్‌ఆర్ "ఈ పేరుతో మా దగ్గర ఎవరూ లేరు" అంటుంది, ఆఫర్ అక్కడే ఆగిపోతుంది. పీఎఫ్ ఉంటే చేరిన, వదిలిన తేదీలు యూఏఎన్ సర్వీస్ హిస్టరీతో సరిపోవాలి. పీఎఫ్ లేకుండా ఇన్వాయిస్ మీద పనిచేసినవారు అదంతా "స్వతంత్ర కన్సల్టెంట్" అన్న ఒకే ఎంట్రీ కింద పెట్టి, ఇన్వాయిస్‌లు, టీడీఎస్ సర్టిఫికెట్లు దగ్గరుంచుకోవాలి. ఒప్పందం క్లయింట్ పేరు చెప్పనివ్వకపోతే "ఒక ఫార్మా తయారీ సంస్థ" అంటే చాలు.

పూర్తి జాబితా పనికొచ్చే చోటు ఒకటుంది. టెండర్లలో కన్సల్టెన్సీలు తమ మనుషుల సీవీలు జతచేసేటప్పుడు ప్రాజెక్టువారీ అనుభవం అడగడం మామూలే. దానికి వేరే ఫైల్ సిద్ధంగా ఉంచి, ప్రతి కాంట్రాక్టు ముగిసిన వారంలోనే అందులో ఒక వరుస చేర్చండి. నెలల లెక్క కూడా అక్కడి నుంచే తీసుకోవచ్చు.