168 వాయిదాలు కట్టాక: ఇంటి అప్పులో అసలెంత, వడ్డీ ఎంత

ఇంటి అప్పు తీసుకుని సరిగ్గా 14 ఏళ్లయింది. 30 లక్షలు, 9 శాతం ఫ్లోటింగ్ వడ్డీ, 20 ఏళ్ల గడువు, అంటే 240 వాయిదాలు. నెలకు ఈఎంఐ 26,992 రూపాయలు. మొన్నటితో 168వది కట్టాను. ఇన్నేళ్లు వాడిన వస్తువు గురించి రాసినట్టే ఈ ఈఎంఐ గురించి రాస్తున్నాను. ఇల్లు ఎలా ఉందన్నది ఇక్కడ సంగతి కాదు. నెలనెలా కట్టే ఆ డబ్బు లోపల ఏం జరుగుతుందన్నదే సంగతి.

మొదటి ఏడాది చివర స్టేట్‌మెంట్ చూసినప్పుడు గుండె జారిపోయింది. పన్నెండు నెలల్లో 3 లక్షల 24 వేలు కడితే అప్పు తగ్గింది 56 వేలు. మిగతా 2 లక్షల 68 వేలు వడ్డీ కిందకే పోయాయి. అదే వారం మా బావమరిది ఇంటికొచ్చాడు. కాగితం చూసి, "చూశావా బావా, బ్యాంకువాళ్లు తమ వడ్డీ మొత్తం ముందే లాగేసుకుంటారు. అసలు సంగతి ఆఖర్న చూస్తారు" అన్నాడు. నేనూ నమ్మాను. నాలుగైదేళ్లు ఇంకొందరికి ఇదే మాట చెప్పాను కూడా.

అది తప్పు. ఎవరూ ముందే లాక్కోవడం లేదు. ఆ నెల మొదట్లో ఎంత బాకీ ఉందో, దాని మీద ఒక్క నెల వడ్డీ మాత్రమే వేస్తారు. 9 శాతాన్ని పన్నెండుతో భాగిస్తే నెలకు 0.75 శాతం. 30 లక్షల మీద అది 22,500. నేను కట్టింది 26,992. వడ్డీ పోగా మిగిలిన 4,492 అసలుకు జమ. రెండో నెల బాకీ 29,95,508 కాబట్టి వడ్డీ 34 రూపాయలు తగ్గి 22,466 అయింది. ఆ 34 అసలు వైపు చేరింది. ఇరవై ఏళ్లూ నడిచేది ఇదే లెక్క. ఈఎంఐ మారదు, బాకీ తగ్గుతుంది, తగ్గినంత మేరకు వడ్డీ తగ్గుతుంది, వడ్డీలో తగ్గింది అసలులో పెరుగుతుంది. మొదట్లో వడ్డీ ఎక్కువ పడేది వాళ్ల దురాశ వల్ల కాదు, మొదట్లో మన బాకీ ఎక్కువ కాబట్టి. (కొన్నిచోట్ల రోజువారీ బాకీ మీద లెక్కేస్తారు. అప్పుడు 28 రోజుల ఫిబ్రవరిలో వడ్డీ కాస్త తక్కువ, 31 రోజుల నెలలో కాస్త ఎక్కువ కనబడుతుంది. కంగారు పడక్కర్లేదు.)

అసలు భాగం ప్రతి నెలా 0.75 శాతం చొప్పున పెరుగుతూ పోతుంది, చక్రవడ్డీ లాగా. పెరుగుదల మొదట్లో కనిపించనే కనిపించదు. మొదటి రోజు నాకు ఇచ్చిన పట్టిక ప్రకారం 5 ఏళ్లకు కట్టేది 16 లక్షల 20 వేలు, అసలులో తగ్గేది 3 లక్షల 39 వేలు. అప్పు సగానికి దిగేది 168వ నెలలో. అంటే 20 ఏళ్ల అప్పులో మొదటి సగం తీరడానికి 14 ఏళ్లు, రెండో సగానికి 6 ఏళ్లు. చిట్టచివరి వాయిదాలో వడ్డీ 201 రూపాయలు మాత్రమే.

వడ్డీ కంటే అసలు ఎక్కువయ్యే నెల ఎప్పుడొస్తుందని చాలామంది అడుగుతుంటారు. పట్టికలో అది 149వ నెల. ఎక్సెల్ లాంటిదేదైనా ఉంటే ఎవరైనా సరిచూసుకోవచ్చు. మొదటి వరుస వడ్డీని, రెండోది అసలును చూపిస్తుంది:

```
=IPMT(9%/12, 149, 240, -3000000)
=PPMT(9%/12, 149, 240, -3000000)
```

149 బదులు మీకు కావలసిన నెల వేసుకోండి. ఇలా ఆడుతుండగా నాకు ఒక విషయం దొరికింది. ఆ చివరి అంకెను 30 లక్షల నుంచి 60 లక్షలకు మార్చినా ఆ మలుపు 149వ నెల నుంచి కదల్లేదు. గడువును 30 ఏళ్లు చేస్తే మాత్రం కదిలింది. కానీ అప్పుడూ చివరి నుంచి లెక్కపెడితే అదే చోట ఉంది. 9 శాతం వడ్డీకి, ఆ నెలదీ కలుపుకుని ఇంకా 92 వాయిదాలు మిగిలినప్పుడు అసలు, వడ్డీని దాటుతుంది. అప్పు ఎంతన్నది లెక్కలోకి రాదు, ఎన్ని కట్టారన్నదీ రాదు. ఎన్ని మిగిలాయన్నదే లెక్క. ఏడున్నరేళ్లకు అప్పు తీసుకున్నవాడికి, 90 వాయిదాలే కాబట్టి, మొదటి నెల నుంచే అసలు ఎక్కువ పడుతుంది. 30 ఏళ్లకు తీసుకున్నవాడు మాత్రం దాదాపు 22 ఏళ్లు నాలుగు నెలలు ఆగాలి. అప్పు తీసుకునేటప్పుడు ఈ ఒక్క సంగతి తెలిసుంటే గడువు విషయంలో ఇంకొంచెం బేరమాడేవాణ్ణి.

ఇక నాకు తగిలిన దెబ్బ సంగతి. 24 వాయిదాలు అయ్యాక, మూడో ఏడు మొదటి నెలలో, ఎందుకో స్టేట్‌మెంట్ తీశాను. అసలు గడిలో అంతకుముందు నెల 5,334 ఉంది. ఈ నెల 2,972. ముందు ఏదో పొరపాటు పడిందనుకున్నాను. ఈఎంఐ అదే 26,992, ఖాతాలోంచి కోసిన తేదీ కూడా అదే. తర్వాత తెలిసింది, రేటు 9 నుంచి 10 అయింది. బాకీ అప్పుడు 28 లక్షల 82 వేలు. దాని మీద 10 శాతం చొప్పున నెల వడ్డీ 24,020. అసలుకు మిగిలేది అంతే మరి.

బ్రాంచికి వెళితే అక్కడి అధికారి చాలా మర్యాదగా, "మీ ఈఎంఐ ఏం పెరగలేదు సార్, గడువు మాత్రం కొంచెం సర్దుబాటు అయింది" అన్నారు. ఆ కొంచెం ఎంతో అడిగాను. తెర మీద చూసి చెప్పారు: మిగిలిన వాయిదాలు 266. మొదలుపెట్టింది 240తో, 24 కట్టేశాను, ఉండాల్సింది 216. రెండేళ్లు కట్టాక, మొదటి రోజు కన్నా 26 ఎక్కువ మిగిలాయి! ఒక్క శాతానికి 50 వాయిదాలు. ఉత్తరం పంపామన్నారు. పంపే ఉంటారు, నేనే చూసుకోలేదేమో.

గడువు అంతగా సాగడానికి కారణం పై లెక్కలోనే ఉంది. తొలి ఏళ్లలో అసలుకు పోయేది సన్నటి ధార. రేటు కాస్త పెరిగితే ఆ పెరుగుదల మొత్తం ఆ సన్నటి ధారలోంచే కోసుకుంటుంది. నా అప్పు మొదటి నెలలోనే రేటు 10.8 శాతం అయ్యుంటే వడ్డీ 27,000. అంటే ఈఎంఐ కంటే 8 రూపాయలు ఎక్కువ. ఆ స్థితిలో ఎన్నేళ్లు కట్టినా అప్పు తగ్గకపోగా పెరుగుతుంది. అందుకే నేను ఈఎంఐ గడి చూడ్డం మానేశాను, అసలు గడి చూస్తాను. అది నెలనెలా కొంచెం కొంచెంగా పెరగాలి. ఒక్కసారిగా పడిపోతే రేటు మారినట్టే.

216 వాయిదాల్లోనే తీరాలంటే నెలకు ఎంత కట్టాలని అడిగాను. 28,819 అన్నారు, 1,827 ఎక్కువ. అప్పట్లో అది కష్టమైన మాటే. ఇంట్లో ఒక రాత్రంతా చర్చ జరిగింది. మర్నాడు వెళ్లి, ఆ నెల తేడాతో సహా కట్టి, ఈఎంఐ పెంచమని రాసిచ్చాను. రెండేళ్లకు రేటు మళ్లీ 9కి దిగింది. "ఈఎంఐ తగ్గించమంటారా?" అని అడిగారు. వద్దన్నాను. ఈ 14 ఏళ్లలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే, అది కూడా బద్ధకంతో చేసింది. ఆ 1,827 వల్ల నా అప్పు 240కి బదులు 217వ వాయిదాతో తీరుతుంది. అసలు, వడ్డీని దాటే నెల కూడా 149 నుంచి 126కి వచ్చింది. ఆ నెల స్టేట్‌మెంట్ దాచుకున్నాను: అసలు 14,494, వడ్డీ 14,325. మా ఆవిడకు చూపిస్తే, "169 రూపాయలకా ఇంత సంబరం?" అంది.

చేయాల్సి ఉండీ చేయనిది కూడా ఒకటుంది. మొదటి ఏడాది చివర నా చేతిలో ఒక లక్ష ఉండేది. "ఇంత పెద్ద అప్పులో లక్ష ఎంతలే" అనుకుని వేరేవాటికి వాడేశాను. అప్పుడే దాన్ని అసలుకు జమ చేసి ఈఎంఐ మార్చకుండా ఉంచితే, పట్టిక ప్రకారం 19 వాయిదాలు తగ్గేవి, వడ్డీలో 4 లక్షల 13 వేలు మిగిలేది. అదే లక్ష ఇప్పుడు, బాకీ 11 లక్షల 78 వేలుండగా, కడితే దాదాపు అయిదు వాయిదాలు తగ్గుతాయి, మిగిలేది 42 వేలు.

ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి, "చివర్లో కట్టడం దండగ, వడ్డీ అంతా అయిపోయింది" అంటారు. అది కూడా సగం నిజమే. ఆ లక్ష ముందైనా ఇప్పుడైనా ఆపేది ఏడాదికి 9 శాతం వడ్డీనే. అప్పుడైతే 18 ఏళ్ల దాకా ఆపేది, ఇప్పుడు నాలుగేళ్లు మాత్రమే ఆపుతుంది. ఇంకోచోట పన్ను పోను 9 శాతం కంటే ఖాయంగా ఎక్కువ వస్తుందంటే అక్కడ పెట్టుకోవచ్చు, రాదంటే ఇక్కడ కట్టొచ్చు. ఎన్నో ఏడు అన్నదానితో ఆ నిర్ణయానికి పనిలేదు. పార్ట్ పేమెంట్ కట్టేటప్పుడు మాత్రం గడువు తగ్గించమని రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే కొన్నిచోట్ల ఈఎంఐ తగ్గించి గడువు అలాగే ఉంచుతారు. అప్పుడు వాయిదాల లెక్కలో ఏ మార్పూ ఉండదు, వడ్డీలో మిగిలేది కూడా తక్కువే.

వచ్చే నెల 169వ వాయిదా. 28,819లో దాదాపు 19,986 అసలుకు, 8,833 వడ్డీకి పోతాయి. మా బావమరిది ఈమధ్యే 25 ఏళ్లకు అప్పు తీసుకున్నాడు. మొన్న ఫోన్ చేసి, "బావా, నెలకు ఇంత కడుతుంటే అప్పు తగ్గట్లేదేంటి?" అన్నాడు. స్టేట్‌మెంట్ పట్టుకుని ఆదివారం రమ్మన్నాను.