చదునుగా సాగే గొంతుకు ముందు ఏది మేలు: హెచ్చుతగ్గులా, ఊపా, నొక్కి పలకడమా?

సభలో ప్రకటన చదివేవారి గొంతు ఒకే మట్టంలో సాగిపోతుంటే, వారికి సాధారణంగా మూడు సలహాలు అందుతాయి: గొంతును పైకీ కిందికీ నడిపించండి, ఇంకాస్త ఊపుగా చదవండి, ముఖ్యమైన మాటలను నొక్కి పలకండి. మూడూ సరైనవే. కానీ మూడింటినీ ఒకేసారి పట్టుకుంటే దృష్టి చెదిరిపోతుంది. తెలుగులో చదివేవారు నొక్కి పలకడంతోనే మొదలుపెట్టాలని నా దృఢమైన అభిప్రాయం.

మొదట హెచ్చుతగ్గుల సంగతి చూద్దాం. స్వరతంత్రులు వేగంగా కంపిస్తే గొంతు పైస్థాయికి వెళుతుంది, నెమ్మదిగా కంపిస్తే దిగుతుంది. అర్థంతో పని లేకుండా ఈ ఎక్కుదిగుళ్లనే సాధన చేస్తే, ప్రతి వాక్యం ఒకే చోట ఎక్కి, చివరి క్రియ దగ్గర ఒకే తీరుగా దిగుతుంది. చదును పోయి దాని చోట రాగం వస్తుంది గానీ, వినేవారికి ఏ మాట ముఖ్యమో అప్పటికీ తెలియదు.

ఊపు కోసం గొంతు పెంచేవారికి వేరే చిక్కు ఎదురవుతుంది. అన్ని మాటలూ సమానంగా పెరగడం వల్ల చదును అలాగే ఉండి, శబ్దం మాత్రమే ఎక్కువవుతుంది. పైగా వాక్యం మొదట్లోనే ఊపిరి ఖర్చయి, చివరి మాట మింగినట్టు వినిపిస్తుంది. తెలుగులో ఇది పెద్ద నష్టం, ఎందుకంటే అవునా కాదా అన్నది చాలాసార్లు ఆ చివరి మాటలోనే ఉంటుంది: ‘లోపలికి రావచ్చు’, ‘లోపలికి రాకూడదు’ అన్న రెండింటికీ తేడా అక్కడే తెలుస్తుంది. అయితే గొంతు వెనుక వరుసకు అసలు చేరనివారు మాత్రం ఊపిరి, ఊపుల మీదే ముందు పని చేయాలి.

నొక్కి పలకడంలో మిగిలిన రెండూ కొంత ఇమిడి ఉన్నాయి. ఒక మాటను నొక్కినప్పుడు స్థాయి కొద్దిగా పెరుగుతుంది, శబ్దం కొంత బలపడుతుంది, పలికే కాలం సాగుతుంది. ఇక్కడ తెలుగువారికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి అవసరం. మన భాషలో హ్రస్వ దీర్ఘాల తేడాతో అర్థమే మారుతుంది కనుక, ‘గది’ని నొక్కాలని మొదటి అచ్చును మరీ సాగదీస్తే అది ‘గాది’ అవుతుంది. అలాంటి మాటకు ముందు ఒక చిన్న విరామం ఇచ్చి, దాన్ని స్పష్టంగా, కాస్త పైస్థాయిలో పలకడం మేలు.

సాధనకు ఈ ఒక్క వాక్యం చాలు: ‘శనివారం సాయంత్రం మన గ్రంథాలయంలో పిల్లలకు కథలు చదివి వినిపిస్తారు.’ ముందుగా మామూలుగా చదివి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. తరువాత ‘ఎప్పుడు?’ అని ఎవరో అడిగినట్టు భావించి, మాటల వరుస మార్చకుండా ‘శనివారం’ మీద బలం పెట్టి చదవండి, ‘ఎక్కడ?’ అంటే ‘గ్రంథాలయంలో’ మీద, ‘ఎవరికి?’ అంటే ‘పిల్లలకు’ మీద. నొక్కిన మాట తరువాతి మాటలు తగ్గి నడవాలి. అలా తగ్గకపోతే నొక్కిన ఫలితం కనిపించదు. ఈ రికార్డులను వరుస మార్చి ఇంట్లో ఒకరికి వినిపించి, ఏది ఏ ప్రశ్నకు జవాబో చెప్పమనండి. వారు పోల్చలేకపోతే, మీరు నొక్కాననుకుంటున్నది మీకే వినిపిస్తోందన్నమాట. అప్పుడు ఆ మాటను గట్టిగా కాక, చుట్టూ ఉన్నవాటికన్నా మెల్లగా, నిదానంగా పలికి చూడండి. బలం అంటే కేకే కాదని చెవికి అప్పుడు తెలుస్తుంది.

ఇది కుదిరాక మరో రెండు వాక్యాలు చేర్చండి: ‘ప్రవేశ రుసుము లేదు. అయితే పేర్లు శుక్రవారంలోగా ఇవ్వాలి.’ వాక్యానికి ఒక్క మాట కిందే గీత గీయాలి. అన్నిటికీ గీస్తే మళ్లీ చదునే వస్తుంది. ఇక్కడ నేనైతే ‘లేదు’, ‘శుక్రవారంలోగా’ ఎంచుకుంటాను. ‘లేదు’ వాక్యం చివర ఉంది కాబట్టి, ప్రతి వాక్యాన్నీ చివర్లో జార్చే అలవాటు అక్కడ తప్పనిసరిగా తెగుతుంది. హెచ్చుతగ్గులను ఈ దశలో చేర్చుకోవచ్చు: ‘అయితే’ దగ్గర విషయం మలుపు తిరుగుతోంది కనుక గొంతును కొంచెం పైనుంచి ఎత్తుకుని, ‘ఇవ్వాలి’ దగ్గర పూర్తిగా దించాలి. చివరగా, అదే పాఠాన్ని గది అవతలి గోడ దగ్గర నిలబడిన మనిషికి చెబుతున్నట్టు చదివితే ఊపు కూడా చేరుతుంది.

ఈ సాధన అలవాటు వల్ల వచ్చిన చదునుకు మాత్రమే. అంతకుముందు లేని చదును, నీరసం గొంతులో కొత్తగా కనిపించినా, బొంగురు మూడు వారాలకు మించి తగ్గకపోయినా వైద్యుడికి చూపించుకోవాలి. పార్కిన్సన్స్ వ్యాధిలో కూడా గొంతు ఇలా సన్నగిల్లి ఒకే మట్టానికి చేరుతుంది.