ఎంక్వైరీ కౌంటర్ దగ్గర నమస్కారం పెట్టాలా, "సార్" అంటే చాలా?

సంక్రాంతి ముందు రాత్రి, విజయవాడ స్టేషన్ అనుకోండి. లైన్లో ముప్పై మంది, మీ వంతొచ్చింది. లోపలున్నాయన కళ్ళు కంప్యూటర్ మీద, మధ్యలో అద్దం, మైకు, పైనుంచి అనౌన్స్‌మెంట్ గోల. ఏమని మొదలెట్టాలి?

"నమస్కారం అండీ" మంచిదే, కానీ అది అంతటితో ఆగదు, అదే దాంతో వచ్చిన చిక్కు. ఆయన తిరిగి తలూపేదాకా చూస్తాం, ఈలోపు నాలుగు సెకన్లు, అందరూ అలాగే చేస్తే ముప్పై మందికి రెండు నిమిషాలు, అది పర్లేదు అనుకోండి. నమస్కారం పెట్టాక మాత్రం మనకి తెలీకుండానే "మేం తెనాలి నుంచి వచ్చామండీ, మా అల్లుడు టికెట్ తీశాడు, మెసేజ్ కూడా వచ్చింది..." అని కథ మొదలైపోతుంది, అసలు ప్రశ్న ఎక్కడో చివర్లో వస్తుంది, వెనకాల వాళ్ళు అప్పటికే గొణుగుతుంటారు.

ఏమీ అనకుండా డైరెక్ట్‌గా "గోదావరి ఏ ప్లాట్‌ఫామ్?" అంటే ఫాస్ట్ అనుకుంటాం గానీ కాదు. ఆయన ఇంకా ముందు మనిషి ట్రైనే చూస్తుంటాడు కాబట్టి మన మొదటి మాట గాల్లో కలిసిపోతుంది, "ఏంటీ?" అంటాడు, మళ్ళీ చెప్పాలి. పైగా గోదావరి ఎక్స్‌ప్రెస్ విజయవాడకి రెండు వైపుల నుంచీ రాత్రే వస్తుంది, వైజాగ్ వెళ్ళేది 12728, హైదరాబాద్ వెళ్ళేది 12727, ఆ చివరి అంకె ఒక్కటే తేడా. ఎటు వెళ్ళేదో చెప్పకపోతే ఎదురు ప్రశ్న ఖాయం.

నా ఓటు "సార్" లేదా "మేడం"కే. ఆ ఒక్క మాట అని, తల ఇటు తిరిగేదాకా ఒక్క క్షణం ఆగి, "వైజాగ్ వెళ్ళే గోదావరి, ఏ ప్లాట్‌ఫామండీ?" అంతే. గోలలో ఏదన్నా మాట పోతే ఆ "సార్" పోతుంది, ఊరి పేరు పోదు. మర్యాద చివరి "అండీ"లో ఎలాగూ ఉంది. పెద్దవాళ్ళు "బాబూ", "అమ్మా" అన్నా బానే ఉంటుంది, "హలో హలో" అంటూ రూపాయి బిళ్ళతో అద్దం మీద కొట్టడం మాత్రం చిరాకు తెప్పిస్తుంది. ఇంకో రకం ఉన్నారు, లైన్లో నిలబడకుండా పక్కనుంచి తల దూర్చి "సార్ నమస్తే, ఒక్క నిమిషం" అనేవాళ్ళు, అది పలకరింపు కాదు లెండి, లైన్ దాటడానికి ఎత్తు.

కౌంటర్ లోపలి వాళ్ళకైతే "చెప్పండి" ఒక్కటి చాలు, "నెక్స్ట్" కంటే అదే నయం, ఇద్దరూ ఒకేసారి మాట్లాడ్డం కూడా తప్పుతుంది. లైన్ లేని మధ్యాహ్నం పూటైతే నమస్కారం నిక్షేపంగా పెట్టుకోవచ్చు, కథ కూడా చెప్పుకోవచ్చు. రష్‌లో థాంక్స్ మాత్రం పక్కకి జరుగుతూ చెప్పండి.