గోదావరి గట్టున మిట్టమధ్యాహ్నం: ఎన్‌డీ ఫిల్టర్లతో నాలుగేళ్లు

మాది రాజమండ్రి. పెళ్లిళ్ల వీడియోలు తీస్తుంటాను. ముహూర్తాలేమో ఎండాకాలంలోనే ఎక్కువ, పెళ్లివారికేమో గోదావరి గట్టు మీద షాట్లు కావాలి. లెన్స్‌లోకి వెళ్లే వెలుగుని తగ్గించే నల్లద్దం, ఎన్‌డీ ఫిల్టర్, కొన్నది అందుకే.

నేను సెకనుకి 25 ఫ్రేములతో తీస్తాను కాబట్టి షటర్ 1/50 దగ్గర ఉండాలి. నిండు ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్ 16 పెడితే షటర్ సుమారు 1/100 వస్తుంది. వెనక దృశ్యం మసకగా రావాలని ఎఫ్ 2.8కి తెరిస్తే అదే 1/3200కి పోతుంది. అప్పుడు నడిచే మనిషి చేతులు టకటకా కొట్టుకున్నట్టు కనిపిస్తాయి. 1/3200 నుంచి 1/50కి రావాలంటే వెలుగు 64వ వంతుకు తగ్గాలి. ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది, అంటే 6 స్టాపులు, ఎన్‌డీ 64. ఫిల్టర్ లేకుండా ఎఫ్ 22కి మూసి కూడా తీశాను. 1/50 వచ్చింది గానీ బొమ్మ పదును పోయింది, సెన్సర్ మీది దుమ్ము చుక్కలన్నీ ఆకాశంలో తేలాయి.

మొదట కొన్నది తిప్పే రకం, వేరియబుల్ ఎన్‌డీ. మబ్బు పట్టినా ఎండ కాసినా రింగు తిప్పితే చాలు, హడావిడి ఊరేగింపులో ప్రాణం లేచొస్తుంది. కానీ అందులో ఉన్నవి రెండు పోలరైజర్లు. షాట్ నడుస్తుండగా తిప్పానా, నీటి మీద తళుకు కాసేపు మాయమై మళ్లీ వస్తుంది. 24 ఎంఎం లెన్స్‌కి బాగా బిగించి తిప్పితే ఫ్రేములో ఇంటూ గుర్తులా నల్లటి నీడ పడుతుంది. చిన్న స్క్రీన్ మీద అది కనబడదు, ఇంటికొచ్చి చూస్తే గుండె గుభేల్మంటుంది. ఇప్పుడు రింగు మీది చివరి గుర్తుకి బాగా ముందే ఆగుతాను.

ఆ తర్వాత లాగ్‌లో, అంటే రంగులు తర్వాత దిద్దుకునేలా చప్పగా రికార్డు చేసే పద్ధతిలో, తీయడం మొదలెట్టాను. నా కెమెరాలో దానికి ఐఎస్ఓ 800 కంటే తగ్గదు. అంటే ఇంకో 3 స్టాపులు, మొత్తం 9. చవకలో దొరికిందని ఎన్‌డీ 500 ఒకటి తెచ్చాను. పెళ్లికొడుకు నల్ల కోటు వంకాయ పులుసు రంగులో వచ్చింది! వైట్ బ్యాలెన్స్ ఎంత మార్చినా దారికి రాలేదు, ఎందుకంటే ముఖాల రంగు సరిగ్గానే ఉంది, పాడైంది ఆ సింథటిక్ నలుపు ఒక్కటే. ఆ ఫిల్టర్ కంటికి కనిపించే వెలుగుని ఆపింది గానీ కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్‌ని వదిలేసింది. ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా ఆపే ఫిల్టర్ వేశాక ఆ బాధ తప్పింది. అదే కోటును అదే ఎండలో తీసి చూసుకున్నాను కూడా.

ఇప్పుడు నిలకడ షాట్లకి స్థిరమైన ఎన్‌డీ 64, లాగ్‌కి ఇన్‌ఫ్రారెడ్ ఆపే 9 స్టాపులది, ఊరేగింపుకి తిప్పేది. అన్నీ 77 ఎంఎం సైజే కొన్నాను, చిన్న లెన్స్‌కి స్టెప్ అప్ రింగు వేస్తాను. రింగు వేస్తే లెన్స్ హుడ్ పట్టదు, అందుకే ఎదురెండలో మా తమ్ముడు గొడుగు పట్టుకుని నిలబడాల్సిందే.