రెండేళ్లు మినీ ఎల్ఈడీ మానిటర్ వాడాక: అక్షరాల చుట్టూ ఆ పొగ ఎలా తగ్గిందంటే

ఈ 27 అంగుళాల 4కె మినీ ఎల్ఈడీ మానిటర్ తీసుకుని రెండేళ్లు దాటింది, ఐపీఎస్ ప్యానెల్, 576 జోన్లు, అంటే వెనక లైటు విడివిడిగా వెలిగి ఆరే ముక్కలు. సినిమాలకి, గేమ్స్‌కి అదిరిపోతుంది, అందులో వంక పెట్టడానికేం లేదు. నా గొడవంతా అక్షరాలతోనే. కొన్న కొత్తలో రాత్రి లైటార్పేసి నల్ల టెర్మినల్ తెరిస్తే ప్రతి లైన్ చుట్టూ పొగ పట్టినట్టు ఉండేది, మౌస్ కదిపితే దాని కింద ఒక వెలుగు మచ్చ కూడా పాక్కుంటూ వచ్చేది, ప్యానెల్ పాడైందేమో వెనక్కి పంపేద్దాం అనుకున్నా. పాడవలేదు, నేను పెట్టుకున్న సెట్టింగులే అలా ఉన్నాయి.

లెక్క చూస్తే విషయం తెలిసిపోతుంది. 576 అంటే అడ్డంగా 32, నిలువుగా 18, అంటే ఒక్కో జోన్‌కి 120×120 పిక్సెళ్లు, స్క్రీన్ మీద దాదాపు రెండు సెంటీమీటర్ల చదరం. 150% స్కేలింగ్‌లో నా ఎడిటర్ లైన్లు ఒక్క జోన్‌లో నాలుగు పడతాయి. ఒక్క తెల్ల అక్షరం ఉన్నా ఆ చదరం వెనక లైటు మొత్తం వెలగాల్సిందే, అక్షరం పక్కనున్న నలుపుని ఆపాల్సింది ఎల్సీడీ పొర, ఐపీఎస్‌లో ఆ పొర కాంట్రాస్ట్ రఫ్‌గా 1000:1, అంటే లైటులో వెయ్యో వంతు బయటికి కారుతుంది. ఆ కారేదే బ్లూమింగ్. వీఏ ప్యానెల్ అయితే మూడో వంతో ఇంకా తక్కువో కారుతుంది.

నేను చేసిన తప్పేంటంటే విండోస్‌లో హెచ్‌డీఆర్ పొద్దస్తమానం ఆన్‌లో పెట్టి, SDR content brightness స్లైడర్‌ని చివరిదాకా తోసేశా. ఆ స్లైడర్ 0 దగ్గర తెలుపు 80 నిట్స్, 100 దగ్గర 480, ఒక్కో పాయింట్‌కి 4 నిట్స్. 480 నిట్స్ తెల్ల అక్షరం పక్కన దాదాపు అర నిట్ కారుతుంది, పక్క జోన్ మాత్రం పూర్తిగా ఆరిపోయి ఉంటుంది, చీకటి గదిలో ఆ తేడా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. స్లైడర్ 10కి దించా, తెలుపు 120 నిట్స్ అయింది, కారేది 0.12కి పడిపోయింది. సగం పొగ అక్కడే పోయింది.

మిగతా సగం థీమ్‌తో పోయింది. #000000 మీద #FFFFFF అక్షరాలు మినీ ఎల్ఈడీకి అస్సలు పడవు. బ్యాక్‌గ్రౌండ్ #1E1E1E, అక్షరాలు #D4D4D4 చేశాక, 120 నిట్స్ తెలుపు దగ్గర ఆ బ్యాక్‌గ్రౌండే ఒకటిన్నర నిట్ ఉంటుంది కదా, దాని మీద 0.12 కలిసినా ఎవడికి కనపడుద్ది. పైగా పక్క జోన్లు కూడా పూర్తిగా ఆరవు కాబట్టి మచ్చ అంచు గీత గీసినట్టు తెలియదు. ప్యూర్ బ్లాక్ కోసమే కొన్నాం కదా అని నాకూ మనసొప్పలేదు మొదట్లో, కానీ అది సినిమాకి.

జోన్లని విడివిడిగా ఆర్పే లోకల్ డిమ్మింగ్‌కి Off, Low, Medium, High అని నాలుగుంటాయి నా దాంట్లో. High లో ఖాళీ జోన్లు పూర్తిగా ఆరిపోతాయి, అందుకే పొగ ఎక్కువ తెలుస్తుంది, నల్ల స్క్రీన్ మీద ఒంటరి కర్సర్ మసకబారుతుంది కూడా. Low లో నలుపు కొంచెం బూడిద రంగు, మచ్చ తక్కువ. కోడింగ్‌కి నేను హెచ్‌డీఆర్ ఆపేసి డిమ్మింగ్ Off లో పెడతా, స్క్రీనంతా సమానంగా లేత బూడిదగా ఉంటే కన్ను పట్టించుకోదు, మచ్చలుగా ఉంటేనే పట్టుకుంటుంది. సినిమా టైమ్‌కి Win+Alt+B నొక్కి హెచ్‌డీఆర్ ఆన్, డిమ్మింగ్ High.

రాత్రి సినిమాకి మానిటర్ మెనూలో పీక్ బ్రైట్‌నెస్ 1000 నిట్స్ నుంచి 600కి దించుతా. దించాక Windows HDR Calibration యాప్ మళ్లీ రన్ చేయాలి, లేదంటే విండోస్ ఇంకా 1000 అనుకునే పంపిస్తుంది, నాకు మబ్బుల్లో వివరాలు పోయి తెల్ల ముద్దలా అయిపోయాయి, రెండు రోజులు సినిమా ఫైల్‌దే తప్పనుకున్నా. నల్ల పట్టీ మీద సబ్‌టైటిల్స్‌కి, నేను వాడే mpv ప్లేయర్ సెట్టింగుల ఫైల్ mpv.conf లో ఈ ఒక్క లైన్ చాలు:

```
sub-color="#B0B0B0"
```

ఇంకోటి, కనిపించే పొగంతా ప్యానెల్‌ది కాదు. ఒక అట్టముక్కతో అక్షరాన్ని మాత్రం కప్పి చూడండి, చుట్టూ వెలుగు అలాగే ఉంటే ప్యానెల్ది, పోతే మీ కంట్లోనే చెదిరే వెలుగు, దానికి ఏ జోన్ సెట్టింగూ పనిచేయదు. నాకు మూడో వంతు దాకా కన్నే అని తేలింది, మానిటర్ వెనక గోడ మీద పడేలా ఒక చిన్న లైటు పెట్టాక అదీ తగ్గింది. ఫోన్‌లో ఫోటో తీసి మాత్రం చూడకండి, కెమెరా ఎక్స్‌పోజర్ పెంచేసి లేని పొగ కూడా చూపిస్తుంది, నేను రిటర్న్ పెట్టబోయింది ఆ ఫోటో చూసే.