నాలుగేళ్ల వాడకం తర్వాత: మా 80 లీటర్ల ఎక్స్‌పాన్షన్ వెసెల్

జడ్చర్ల దగ్గర మా యూనిట్‌లో ఎండబెట్టే గదులకు వేడినీటి లూపు ఉంది. వేడెక్కి పెరిగే నీటికి చోటిచ్చేందుకు దానికి 80 లీటర్ల వెసెల్ బిగించారు. దానిలో రబ్బరు బ్లాడర్‌కు ఒకవైపు నీరు, మరోవైపు గాలి ఉంటాయి. మొదటి ఏడాది దాన్ని నేను తిట్టని రోజు లేదు. ఇప్పుడు అది నాకు ఎంతో ఇష్టమైన పరికరం. ఆ మార్పు వెసెల్‌లో వచ్చింది కాదు. దాని అడుగున టోపీ కింద ఉండే చిన్న గాలి వాల్వు దగ్గర వచ్చింది.

పొద్దున బాయిలర్ వెలిగించిన కొద్దిసేపటికే గేజ్ 1.5 బార్ నుంచి 2.5కి ఎగబాకేది. తర్వాత నెమ్మదిగా 3కి చేరేది. అక్కడ సేఫ్టీ వాల్వు తెరుచుకుని నీళ్లు కారేవి. సాయంత్రం లూపు చల్లారితే గేజ్ సున్నా చూపేది, పై అంతస్తు పైపుల్లో గాలి చేరి గలగలమనేది. రోజూ పది లీటర్ల దాకా కొత్త నీళ్లు నింపేవాళ్లం. మా బోరు నీటితో అలా నింపడమంటే పైపులకు రోజూ కొంత సున్నం, కొంత తుప్పు తినిపించడమే.

బిగించినవారు వెసెల్ చిన్నదైందని, 150 లీటర్లది కొనమని అన్నారు. నేను లెక్క వేశాను. లూపులో 800 లీటర్ల నీరు. 30 నుంచి 80 డిగ్రీలకు వేడెక్కితే నూటికి రెండున్నర వంతు, అంటే 20 లీటర్లు పెరుగుతుంది. ఆ 20 లీటర్లకు 80 లీటర్ల వెసెల్ చాలాలి. మరి లోపం ఎక్కడ?

లూపు నుంచి వెసెల్‌ను వేరుచేసి, దానిలోని నీళ్లన్నీ వదిలేసి గాలి వాల్వు దగ్గర కొలిచాను. నీళ్లుండగా కొలిస్తే కనిపించేది లూపు ఒత్తిడే. గేజ్ 2.5 చూపింది. వేడిగా ఉన్నప్పుడు రావాల్సిన ఒత్తిడినే గాలికి ముందుగా పెట్టేశారు! అంత గాలి ఉంటే 2.5 దాటేవరకు చుక్క నీరు లోపలికి పోదు. అక్కడినుంచి 3 వరకు పట్టేది పది లీటర్లే. మిగతా పది సేఫ్టీ వాల్వు గుండా బయటికి పోయాయి.

మా పైపుల అత్యంత ఎత్తు వెసెల్ నుంచి పది మీటర్లు, అంత ఎత్తు నీటి ఒత్తిడి ఒక బార్. దానికి 0.2 కలిపి గాలిని 1.2కి దించాను. చల్లగా ఉన్నప్పుడు నీటిని 1.5కి నింపాను. మర్నాడు 80 డిగ్రీల దగ్గర గేజ్ 2.5 దగ్గర ఆగింది, వాల్వు పొడిగా ఉంది. ఆ రోజు గేజ్ ముందు నుంచి కదలబుద్ధి కాలేదు.

ఇక దీన్ని ముట్టుకోనక్కర్లేదని అప్పట్లో అందరికీ చెప్పాను. ఆ మాట సరికాదు. రెండేళ్ల తర్వాత కొలిస్తే 0.9 ఉంది. రబ్బరు గుండా గాలి మెల్లగా తగ్గిపోతుంది. అది బాగా తగ్గినా వేడిమీద వాల్వు కారుతుంది, కాబట్టి కారడం ఒక్కటి చూసి కారణం చెప్పలేం. ఇప్పుడు నైట్రోజన్ నింపి ఏడాదికోసారి కొలుస్తున్నాను. గాలి వాల్వు నొక్కినప్పుడు నీళ్లు వస్తే బ్లాడర్ చిరిగినట్టే. మాకింకా ఆ పరిస్థితి రాలేదు.

మాది రెండంతస్తుల కట్టడం, 80 డిగ్రీల లూపు కాబట్టి ఈ వెసెల్ సరిపోయింది. పైపులు ఇరవై మీటర్లు ఎక్కే చోట, 3 బార్ సేఫ్టీ వాల్వుతో అయితే, ఇదే వెసెల్‌ను నేను కొనను.